మొదటిసారి కాళ్ల మీద వెంట్రుకలు తీసుకున్న 13 ఏళ్ల అమ్మాయి: ఒక కేసు

చర్మ వైద్యంలో ఇది పెద్ద జబ్బేమీ కాదు. అయినా రాసి పెట్టడానికి కారణముంది. ఒకే జత కాళ్ల మీద మూడు వేర్వేరు సమస్యలున్నాయి, ఇంట్లోవాళ్లు మూడింటినీ కలిపి "రేజర్ పడలేదు" అనుకున్నారు. వాటిని విడదీశాక దేనికి ఏం చేయాలో తేలికగానే తెలిసింది. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది: చర్మానికి అన్నిటికంటే సురక్షితమైన పద్ధతిని ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు తీసేశాను, కొన్నిటిని మార్చాను.

నేపథ్యం

అమ్మాయి వయసు 13. చామనచాయ, వెంట్రుకలు నల్లగా, కాస్త దట్టంగా ఉంటాయి. చిన్నప్పుడు మోకాళ్ల వెనక మడతల్లో ఎగ్జిమా ఉండేది. అది తగ్గి చాలా కాలమైంది కానీ చర్మం ఇప్పటికీ పొడిబారుతుంది. ఏడాది క్రితం నెలసరి మొదలైంది. ఈత నేర్చుకుంటోంది.

కాళ్ల వెంట్రుకలు తీసుకుంటానని ఇంట్లో అడిగితే తల్లి వద్దన్నారు. "ఒకసారి బ్లేడు పెడితే ముదురుగా వస్తాయి, ఇక జన్మంతా గీసుకోవాల్సిందే" అన్నది ఆవిడ భయం. ఆ మాటతో కోరిక పోలేదు, పని చాటుగా జరిగింది. ఒక రాత్రి బాత్రూంలో ఇంట్లో ఎవరిదో పాత రేజర్ తీసుకుని, నీళ్లతో కూడా సరిగ్గా తడపకుండా పొడి కాలి మీదే గీసింది. మండింది, అక్కడక్కడ వెంట్రుకలు మిగిలాయి. రెండు రోజుల తర్వాత హెయిర్ రిమూవల్ క్రీమ్ తెచ్చుకుని, మిగిలినవి పోలేదని ప్యాకెట్ మీద రాసిన సమయం దాటాక కూడా ఉంచేసింది. ఆ తర్వాత వచ్చిన గరుకుదనం పోవాలని పీచుతో గట్టిగా రుద్దింది.

ఈ వరుస ముఖ్యం. రేజర్ చర్మం పైపొరను గీరింది. థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉండే ఇలాంటి క్రీములు వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్ బంధాలను కరిగించే ఘాటైన క్షారాలు. మన చర్మం పైపొర కూడా కెరాటిన్‌దే. బాగున్న చర్మం ఆ కొద్ది నిమిషాలూ తట్టుకుంటుంది, గీరుకున్న చర్మం తట్టుకోదు. అందులోనూ ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఆ పొర ముందే బలహీనం.

మా దగ్గరికి వచ్చినప్పుడు

రెండు వారాల తర్వాత తల్లే తీసుకొచ్చారు. ఆవిడకు రెండు ప్రశ్నలున్నాయి: ఇంత వెంట్రుక ఉందంటే హార్మోన్ల పరీక్షలు చేయించాలా, లేదా ఒకేసారి లేజర్ చేయించేస్తే పోతుందా. అమ్మాయి ఏమీ అడగలేదు. ప్యాంటు పైకి మడవమంటే మోకాలి దాకా కూడా మడవలేదు.

తల్లిని కాసేపు బయట కూర్చోమని, మా నర్సును పక్కన ఉంచుకుని అమ్మాయితో మాట్లాడాను. ఈ వయసు పిల్లల విషయంలో ఇది తప్పక చేస్తాను, ఎందుకంటే వైద్యం మొత్తం ఒక జవాబు మీద ఆధారపడుతుంది. "ఇది నీకు కావాలా, ఎవరైనా ఏమన్నా అన్నారని చేశావా?" అని అడిగాను. ఈత దగ్గర ఒకమ్మాయి ఏదో అన్నదట. "అన్నది నిజమే మేడమ్, కానీ అంతకుముందు నుంచే నాకు ఇష్టం లేదు" అంది. వెంట్రుకలు తీయకపోయినా చర్మానికి ఏ నష్టమూ లేదని, తీయాలనుకుంటే ఎలా తీయాలో చూపిస్తానని చెప్పాను. తీసుకుంటానంది. అక్కడితో ఆ చర్చ ముగిసింది. అక్కర్లేదని ఒప్పించడం నా పని కాదు. ఒప్పించబోతే మళ్లీ రాత్రిపూట పాత రేజర్ దగ్గరికే వెళ్తుంది.

పరీక్షలు ఎందుకు రాయలేదు

తల్లి మొదటి ప్రశ్నకు జవాబు కాళ్లలో దొరకదు. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో కాళ్ల మీది సన్నని నూగు ముదిరి నల్లబడటం మామూలు ఎదుగుదలే. ఆడపిల్లల్లో హార్మోన్ తేడాను అంచనా వేయడానికి మేం వాడే కొలమానంలో పైపెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట, వీపు, పై చేతులు, తొడలు ఉంటాయి. మోకాలి కింది భాగం అందులో లెక్కకే రాదు. ఈ అమ్మాయికి గడ్డం మీద, ఛాతీ మీద ముదురు వెంట్రుకలు లేవు. మొండి మొటిమలు లేవు, గొంతు బొంగురుపోలేదు, కొద్ది నెలల్లోనే ఉన్నట్టుండి వెంట్రుకలు పెరిగిపోవడమూ జరగలేదు. నెలసరి అటూఇటూ అవుతోంది కానీ మొదలైన ఏడాదిలో అది మామూలే. అందుకే పరీక్షలు రాయలేదు. పైన చెప్పినవాటిలో ఏదైనా ఉంటే మాత్రం రాసేదాన్ని.

ఒకే కాలు, మూడు సమస్యలు

దీపం దగ్గరికి లాగి, చర్మాన్ని పెద్దది చేసి చూపించే డెర్మోస్కోప్‌తో చూశాను. కాలి ముందు భాగంలో, ఎముక మీద చర్మం ఎర్రగా, మెరుస్తూ, సన్నని పొట్టు లేస్తూ ఉంది. ఆ ఎరుపు మోకాలికి రెండు వేళ్ల కింద గీత గీసినట్టు ఆగిపోయింది. చర్మవ్యాధులు సాధారణంగా అంత తిన్నగా ఆగవు. బయటి నుంచి పూసింది ఏదో అక్కడిదాకా వచ్చి ఆగితేనే అలా ఉంటుంది. "క్రీమ్ ఇక్కడి వరకే పూశావా?" అంటే అవునంది. ఇది క్రీమ్ వల్ల వచ్చిన మంట.

పిక్కల మీద కథ వేరు. అక్కడ చిన్న చిన్న గడ్డలు, ఒక్కో గడ్డకు మధ్యలో ఒక్కో వెంట్రుక. కొన్నిచోట్ల వెంట్రుక బయటికి రాకుండా చర్మం కిందే నల్లగా చుట్టుకుని కనిపించింది. రెండు మూడింటికి తలమీద కాస్త చీము. వెంట్రుక లోపలికి పెరగడం, వెంట్రుక కుదురు దగ్గర వాపు, ఈ రెండూ రేజర్ పని. గడ్డలు వెంట్రుకను వదిలి పక్కకు పాకలేదు, తాకితే వేడి లేదు, జ్వరం లేదు. కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదు.

మూడోది తొడల బయటివైపు. ముట్టుకుంటే గరుకు కాగితంలా చిన్న చిన్న పొక్కులు. తల్లి దీన్ని కూడా రేజర్ మీదే వేశారు. కానీ అమ్మాయి తొడల మీద రేజర్ పెట్టనేలేదు, క్రీమూ పూయలేదు. చేతులు చూపించమంటే భుజం కింద వెనకవైపు కూడా అచ్చం అవే పొక్కులు. ఇది కెరటోసిస్ పైలారిస్. కుదురు నోట్లో కెరాటిన్ బిగుసుకుని ఏర్పడే గరుకుదనం, చాలామంది పిల్లలకు ఈ వయసులో ఉంటుంది, హాని లేదు. దీన్ని విడిగా గుర్తించకపోతే "షేవింగ్ మానేసినా పొక్కులు తగ్గలేదు" అంటూ నెలల తరబడి తప్పు దారిలో వెతుకుతాం.

తల్లి భయం సంగతి కూడా అదే డెర్మోస్కోప్‌తో తేలింది. ముందు పిక్క మీద కోసిన వెంట్రుక చూపించాను: కొన మొద్దుగా, బల్లపరుపుగా ఉంది. తర్వాత ఎప్పుడూ రేజర్ తగలని తొడ మీది వెంట్రుక: కొన చెక్కిన పెన్సిల్‌లా సన్నగా తేలిపోతోంది. మొదలు దగ్గర రెండూ ఒకే మందం. రేజర్ వెంట్రుకను చర్మం పైభాగంలోనే కోస్తుంది, వెంట్రుక తయారయ్యే కుదురు లోపల ఉంటుంది, దాన్ని తాకదు. మొద్దు కొన బయటికి వచ్చినప్పుడు గరగరలాడుతుంది, ముదురుగా కనిపిస్తుంది, అంతే. పైగా ఈ వయసులో వెంట్రుకలు ఎలాగూ ముదురుతాయి కాబట్టి ఆ నింద రేజర్ మీద పడుతుంది. ఆవిడ రెండుసార్లు కన్ను పెట్టి చూసుకుని, "ఇన్నాళ్లూ అలాగే అనుకున్నామండీ" అన్నారు.

ముందు చర్మం కుదుటపడాలి

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా అప్పటికి చర్మం సిద్ధంగా లేదు. అందుకే మొదట అన్నీ ఆపేయమన్నాను: రేజర్, క్రీమ్, పీచు, స్క్రబ్. కాలి ముందు భాగంలో మాత్రం 1% హైడ్రోకార్టిజోన్ పలుచగా, రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. ఆ తర్వాత ఆపేయాలి. కాళ్లంతటికీ సువాసన లేని మాయిశ్చరైజర్, స్నానం చేసిన మూడు నిమిషాల్లోపు, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే. లోపలికి పెరిగిన వెంట్రుకల మీద గోరువెచ్చని తడిగుడ్డ, రోజూ పది నిమిషాలు. పిన్నుతో, ట్వీజర్‌తో తవ్వొద్దని గట్టిగా చెప్పాను. చామనచాయ చర్మంలో తవ్విన ప్రతి చోటా గోధుమరంగు మచ్చ మిగులుతుంది. గడ్డ వారంలో పోతుంది కానీ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది.

మూడు వారాలు ఆగమంటే అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఈతకు మోకాళ్లు దాటే ఈత దుస్తులు వేసుకోవచ్చని చెప్పాక ఒప్పుకుంది. ఆగిన మూడు వారాల్లో మంట పూర్తిగా తగ్గింది, చాలా గడ్డలు వాటంతట అవే అణిగాయి.

ఏ పద్ధతి?

క్రీమ్‌ను మొదటే పక్కన పెట్టాం. ముందు కొద్ది చోట పూసి చూసుకునే ప్యాచ్ టెస్ట్ చేసుకుని వాడితే చాలామందికి పడుతుంది, కానీ ఎగ్జిమా చర్మం, పైగా ఇప్పటికే ఒకసారి కాలింది.

తల్లి వ్యాక్స్ వైపు మొగ్గారు, వేర్లతో వస్తాయి కాబట్టి ఎక్కువ రోజులు ఉంటుందని. అది నిజమే. కానీ వ్యాక్స్ పట్టాలంటే వెంట్రుక దాదాపు అర సెంటీమీటరు పెరగాలి, అంటే ప్రతిసారీ వారాలపాటు పెంచుకోవాలి. వేరుతో లాగినప్పుడు కొన్ని మధ్యలో తెగుతాయి, కొత్తగా వచ్చే సన్నని కొన చర్మాన్ని చీల్చలేక లోపలే తిరుగుతుంది. లోపలికి పెరిగే గుణం ఇప్పటికే చూపించిన కాలికి అది మొదటి ఎంపిక కాదు. ఎపిలేటర్‌కూ ఇదే అభ్యంతరం.

లేజర్ గురించి ఎక్కువ ఆలోచించలేదు. హార్మోన్లు ఇంకా మారుతున్న వయసులో ఈరోజు నూగుగా ఉన్నది రేపు ముదురుతుంది, అప్పుడు మళ్లీ చేయాలి. ముదురు చర్మానికి సరిపడని యంత్రమో తీవ్రతో వాడితే కాలిన మచ్చలూ పడతాయి. 13 ఏళ్ల పిల్లకు, అదీ మొదటిసారికి, ఇంత తొందర అనవసరం.

మిగిలినవి ట్రిమ్మర్, రేజర్. నేను ట్రిమ్మర్ చెప్పాను. దాని బ్లేడు చర్మాన్ని నేరుగా తాకదు, వెంట్రుకను చర్మానికి కాస్త పైన కోస్తుంది, కాబట్టి కొన లోపలికి జారే అవకాశం చాలా తక్కువ. కోసుకుపోదు, నీళ్లూ జెల్లూ అక్కర్లేదు. చర్మం వైపు నుంచి చూస్తే దీనికి సాటి లేదు.

పని చేయనిది

తర్వాతిసారి వచ్చినప్పుడు చర్మం శుభ్రంగా ఉంది, కానీ అమ్మాయికి నచ్చలేదు. ట్రిమ్మర్ పెట్టాక కూడా మిల్లీమీటరు లోపు నల్లని మొనలు మిగులుతాయి. దూరం నుంచి కనపడకపోయినా చేయి వేస్తే గుచ్చుకుంటాయి. "తీసినట్టే లేదు మేడమ్" అంది. ఇంకోసారి అడిగితే మెల్లగా చెప్పింది, మధ్యలో ఒకసారి రేజర్ వాడానని. తల్లికి తెలీదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ట్రిమ్మరే వాడమని పట్టుబట్టడం ఒకటి, రేజర్‌ను సరిగ్గా నేర్పడం రెండోది. పట్టుబడితే ఆమె ఇంటికెళ్లి తనకు తోచినట్టు గీసుకుంటుంది. అదే జరిగి ఇక్కడిదాకా వచ్చింది. రేజర్ వల్ల వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం వాడే తీరులోనే ఉంటాయి, అది నేర్పితే వచ్చేదే. అమ్మాయితో మాట్లాడి, ఆమె సరేనన్నాక, తల్లినీ లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చూపించాను.

నేర్పిందిది. రేజర్ తనకే సొంతంగా ఉండాలి, ఇంకొకరిది వద్దు. స్నానం చివర్లో గీసుకోవాలి: గోరువెచ్చని నీళ్లలో మూడు నుంచి అయిదు నిమిషాలు నానితే వెంట్రుక మెత్తబడి తక్కువ బలంతో తెగుతుంది. సబ్బు నురగ వద్దు, అది త్వరగా ఆరిపోయి చర్మాన్ని పొడిబారుస్తుంది. సువాసన లేని షేవింగ్ జెల్ పట్టించాలి. రేజర్ బరువే చాలు, నొక్కొద్దు. ఒక్కో గీతకూ బ్లేడు నీళ్లలో కడగాలి. జెల్ పోయిన చోట మళ్లీ గీయొద్దు, తప్పదనుకుంటే మళ్లీ జెల్ పూశాకే. మోకాలి దగ్గర కాలు కొంచెం మడిచి, చీలమండ ఎముక దగ్గర చిన్న చిన్న గీతలుగా. అయిపోయాక చల్లని నీళ్లు, రుద్దకుండా అద్దడం, మాయిశ్చరైజర్. రేజర్‌ను తడి బాత్రూంలో వదిలేయకుండా ఆరే చోట పెట్టాలి, అయిదు నుంచి ఏడు షేవింగ్‌లకు బ్లేడు మార్చాలి. కోసుకుంటే శుభ్రమైన గుడ్డతో కదపకుండా నొక్కి పట్టి, రక్తం ఆగాక వాజెలిన్ రాయాలి.

ముందు భాగం బ్రహ్మాండంగా వచ్చింది. పిక్కల మీద మాత్రం గడ్డలు మళ్లీ మొదలయ్యాయి.

పని చేసింది

ఇంట్లో చేసినట్టే ఇక్కడ చేసి చూపించమన్నాను, బ్లేడుకు మూత ఉంచి. మాటల్లో చెప్పించుకుంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. ముందు భాగంలో అంతా చెప్పినట్టే చేసింది. పిక్క దగ్గరికి రాగానే ఎడమ చేత్తో చర్మాన్ని బిగించి లాగి, కింద నుంచి పైకి గీసింది. నున్నగా రావాలని. చర్మం లాగి పెట్టి ఎదురు దిశలో గీస్తే, అందులోనూ నాలుగైదు బ్లేళ్ల రేజర్‌తో, వెంట్రుక కాస్త పైకి వచ్చి తెగుతుంది. చేయి వదలగానే ఆ మొన చర్మం కిందికి పోతుంది. ఆ రోజుకు పట్టులా ఉంటుంది, అయిదో రోజున గడ్డ లేస్తుంది.

ఇంకో సంగతి ఆమె వేలితోనే కనిపెట్టించాను. ముందు భాగంలో వెంట్రుకలు నేరుగా కిందికి వాలి ఉంటాయి. పిక్క మీద ఆమెకు పక్కకు, కాస్త వెనక్కి తిరిగి ఉన్నాయి. పైనుంచి కిందికి గీసినా అక్కడ అది వాలు కాదు, అడ్డమే. వెంట్రుకలు కాస్త పెరిగినప్పుడు వేలు నాలుగు వైపులా నిమిరితే ఏ వైపు నున్నగా తగులుతుందో ఆ వైపే గీయాలి.

అందుకని ఇలా మార్చాం. ముందు భాగానికి రేజర్, చర్మం లాగకుండా, వాలులో ఒక్కసారే. పిక్కలకు తక్కువ బ్లేళ్లున్న రేజర్, ఆమె కనిపెట్టిన దిశలో. గడ్డ కనిపించిన వారం పిక్కలకు ట్రిమ్మరే. రోజూ కాదు, నాలుగైదు రోజులకోసారి. ఈతకు వెళ్లే రోజు గీసుకోవద్దు, ఒక రోజు ముందే ముగించాలి, లేకపోతే క్లోరిన్ నీళ్లు మండుతాయి. తొడలను అసలు ముట్టుకోలేదు: గరుకుదనానికి 10% యూరియా ఉన్న క్రీమ్ రాత్రిపూట. గీరుకున్న చర్మం మీద యూరియా మండుతుంది కాబట్టి అది మోకాలి కిందికి రాకూడదు.

ట్రిమ్మర్ మీద ఆమెకున్న అభ్యంతరం దీంతో తగ్గింది. కాలంతా అదే అంటే ఒప్పుకోలేదు, అవసరమైన వారం, అవసరమైన చోట అంటే ఒప్పుకుంది.

రెండు నెలలకు పిక్కల మీద కొత్త గడ్డలు ఒకటీ అరా తప్ప లేవు. పాత మచ్చలు పలచబడుతున్నాయి, పూర్తిగా పోలేదు. వాటికి తెల్లబరిచే క్రీమేదైనా ఇమ్మని తల్లి అడిగారు. ఇవ్వలేదు. కొత్త గడ్డలు రాకుండా, ఎండలో వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకుంటే అవి వాటంతటవే తగ్గుతాయి. అలాంటి క్రీములు కొన్నిటిలో ఉండే ఘాటైన స్టెరాయిడ్ ఈ వయసు చర్మాన్ని పలచబరుస్తుంది, చారలు తెస్తుంది.

ఈ కేసు నుంచి మా క్లినిక్‌లో మారినవి

మొదటిసారి వచ్చిన పిల్లల్లో పొక్కులు కనిపిస్తే, రేజర్ తగలని చోట కూడా అవే ఉన్నాయేమో ముందు చూస్తాం. భుజాల వెనక చేయి వేయడానికి అర నిమిషం పట్టదు. షేవింగ్ ఎలా చేస్తున్నారని అడిగి ఊరుకోకుండా, మూత ఉన్న రేజర్‌తో చేసి చూపించమంటాం.

ఎప్పుడు వెంటనే రావాలో కూడా తల్లికీ పిల్లకూ కలిపి చెబుతాం: ఎరుపు ఒక వెంట్రుక చుట్టూ ఆగకుండా పాకుతుంటే, ఆ చోటు వేడిగా, గట్టిగా, నొప్పిగా ఉంటే, జ్వరం వస్తే ఆగకూడదు. అది ఇక షేవింగ్ గడ్డ కాదు, చర్మం లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు.

చివరిసారి వచ్చినప్పుడు అమ్మాయి తనే అడిగింది, పెద్దయ్యాక వ్యాక్స్ చేయించుకోవచ్చా అని. చేయించుకోవచ్చన్నాను, పిక్కల్లో కొన్ని నెలలు గడ్డలు రాకుండా ఉంటే, ముందు అరచేయంత చోటులో చేయించి రెండు వారాలు చూసుకుంటే. ఇంకొక షరతు కూడా పెట్టాను: మధ్యలో మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఎవరైనా రాస్తే, అవి వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఆరు నెలల వరకూ వ్యాక్స్ వద్దు. ఆ మందు మీద ఉన్న చర్మం పలచబడి, పట్టీతో పాటే ఊడి వచ్చేస్తుంది.